అందం వస్తువులో ఉందా, చూసేవాడిలో ఉందా: హ్యూమ్ చెప్పిన పీపా కథ

ప్రశ్న: ఫ్రెండ్‌తో పెద్ద గొడవ. నాకు చాలా అందంగా అనిపించిన ఒక పెయింటింగ్ వాడికి పంపితే చెత్తగా ఉంది అన్నాడు. ఎందుకు అని అడిగితే "అందం వస్తువుల్లో ఉండదు, చూసే మనసులో మాత్రమే ఉంటుంది, ఒక్కో మనసుకి ఒక్కో అందం కనిపిస్తుంది" అని డేవిడ్ హ్యూమ్ కొటేషన్ ఒకటి పెట్టాడు. ఇంక మాట్లాడటానికి ఏమీ లేనట్టే కదా? నిజంగా ఫిలాసఫర్లు ఇదే తేల్చారా?

సమాధానం:

మీ ఫ్రెండ్ పెట్టిన వాక్యం హ్యూమ్ రాసిందే, అందులో మోసం లేదు. కాకపోతే ఆ వాక్యం దగ్గర వ్యాసం అయిపోలేదు, అక్కడే మొదలవుతుంది. 1757లో వచ్చిన "ఆఫ్ ద స్టాండర్డ్ ఆఫ్ టేస్ట్" అనే వ్యాసం అది, కూర్చుంటే ఒక గంటలో చదివేయొచ్చు. అందులో ముందు హ్యూమ్ "ఒక రకం ఫిలాసఫీ ఇలా అంటుంది" అని మొదలుపెట్టి వాళ్ళ వాదన మొత్తం వాళ్ళ నోటితోనే చెప్పిస్తాడు. మీ ఫ్రెండ్ పంపింది ఆ ముక్కే. అది అయిపోగానే హ్యూమ్ పేజీ తిప్పి, సరే ఇది వినడానికి బావుంది, లోకంలో అందరూ అనే మాటకి కూడా సరిపోతుంది, కానీ దీనికి ఎదురుగా నిలబడే ఇంకో ఇంగితం కూడా మనకి ఉంది కదా, అని అసలు వ్యాసం మొదలుపెడతాడు. ఇరవై ఏళ్ళకి పైగా ఈ సబ్జెక్ట్ పాఠం చెప్తున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ వాక్యాన్నే పట్టుకుని "హ్యూమే చెప్పాడు సార్" అంటారు.

అలాగని హ్యూమ్ మీ పక్షమే అని కూడా అనుకోకండి. అందం వస్తువుకి ఉండే గుణం కాదు అనే మాట ఆయన వేరే చోట్ల తన సొంత గొంతుతోనే అన్నాడు. యూక్లిడ్ వృత్తం గురించి ఉన్న లక్షణాలన్నీ చెప్పాడు, కానీ ఏ ఒక్క సిద్ధాంతంలోనూ దాని అందం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు, ఎందుకంటే అందం అనేది గీతలో ఏ భాగంలోనూ లేదు, దాన్ని చూసిన మనసులో పుట్టిన ఫలితం అది, అని ఆయన ఉదాహరణ. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. వృత్తాన్ని ఎంత కొలిచినా, కేంద్రం నుంచి ఎన్ని గీతలు గీసినా, "ఇదిగో ఇక్కడుంది అందం" అని వేలు పెట్టి చూపించే చోటు ఒక్కటి కూడా దొరకదు.

అంటే మీ గొడవలో నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి, మీ ఫ్రెండ్ వాటిని ఒకటిగా కలిపేశాడు. అందం ఎక్కడుంది అనేది ఒకటి. అందం విషయంలో మనిషి తప్పు పడగలడా లేదా అనేది రెండోది. మొదటిదానికి "మనసులో" అని జవాబు చెప్పగానే రెండోదానికి "లేదు, ఎవరి లెక్క వాళ్ళది" అనే జవాబు దానంతట అదే వచ్చేస్తుంది అని మనకి అనిపిస్తుంది. జిహ్వకో రుచి పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా అని. హ్యూమ్ చేసిన పని అంతా ఆ "దానంతట అదే" అనే చోట అడ్డం పడటమే. మనసులో ఉన్నది కూడా తప్పు కావచ్చు అని చూపించాలి ఆయన.

కొంచెం వెనక్కి వెళ్తాను. 1690లో జాన్ లాక్ అనే ఇంగ్లీష్ ఫిలాసఫర్ ఒక తేడా చెప్పాడు. ఆకారం, సైజు లాంటివి వస్తువులోనే ఉంటాయి, రంగు, రుచి, వాసన లాంటివి మాత్రం వస్తువు మన మీద పనిచేసినప్పుడు మనలో పుడతాయి, వస్తువులో ఉన్నది వాటిని పుట్టించే శక్తి మాత్రమే. 1725లో ఫ్రాన్సిస్ హచిసన్ దీన్ని తీసుకెళ్ళి అందానికి తగిలించాడు. అందం అంటే మనలో లేచే ఒక భావన, దాన్ని అందుకోవడానికి కన్ను, చెవి లాగే మనకి లోపల ఒక ఇంద్రియం ఉంది అన్నాడు. మరి వస్తువులో ఏముంటే ఆ భావన లేస్తుంది అంటే, వైవిధ్యంలో ఏకత్వం అన్నాడు. దానికి లెక్క కూడా చెప్పాడు: సమబాహు త్రిభుజం కంటే చదరం అందం, చదరం కంటే సమపంచభుజి అందం, ఎందుకంటే క్రమం అంతే ఉంది కానీ భుజాలు పెరిగాయి. చదువుతుంటే నవ్వొస్తుంది, అలా అయితే వందభుజి మహా అందగత్తె అవ్వాలి కదా అని. ఆ ఇబ్బంది ఆయనకీ తెలుసు, భుజాలు మరీ ఎక్కువైతే వాటి మధ్య సంబంధం కంటికి అందదని సర్దుబాటు చేసుకున్నాడు.

హ్యూమ్ ఇలాంటి సూత్రం ఏదీ ఇవ్వలేదు. "వస్తువులో ఫలానా గుణం ఉంటే అందం" అనే ఫార్ములా కోసం వెతకడం మానేసి, వస్తువు నుంచి చూసేవాడి వైపు తిరిగాడు. ఏ రకం మనిషి తీర్పు చెప్తే ఆ తీర్పుని నమ్మొచ్చు, అన్నది ఆయన ప్రశ్న. ఈ మలుపు చాలామంది గమనించరు గానీ వ్యాసం మొత్తం దీని మీదే నడుస్తుంది.

ముందు ఆయన మన చేతే ఒప్పిస్తాడు, మనం నోటితో "ఎవరి టేస్ట్ వాళ్ళది" అన్నా నిజంగా దాన్ని నమ్మం అని. ఓగిల్బీ, మిల్టన్ ఇద్దరూ సమానమైన కవులు అని ఎవరైనా అంటే, చీమలపుట్టంత మట్టికుప్ప టెనెరీఫ్ కొండంత ఎత్తు ఉంది అన్నంత వింతగా ఉంటుంది అన్నాడు. ఓగిల్బీ ఎవరు అంటారా, అదే పాయింట్, ఇవాళ ఆయన్ని కవిగా గుర్తుపెట్టుకున్నవాళ్ళు చాలా తక్కువ. కానీ అదే వాక్యంలో రెండో జంట కూడా ఉంది, బన్యన్, అడిసన్ అనే ఇద్దరు ఇంగ్లీష్ వచన రచయితలు. బన్యన్‌ని అడిసన్ పక్కన పెట్టడం గుంటని సముద్రం పక్కన పెట్టినట్టే అని హ్యూమ్ ఉద్దేశం. తర్వాతి కాలం దీన్ని తలకిందులు చేసేసింది, ఇప్పుడు సాహిత్యం చదివేవాళ్ళలో చాలామంది ఆ ఇద్దరిలో బన్యన్నే పెద్దవాడిగా చూస్తారు. అంటే తప్పు పడటానికి వీలుంది అని నిరూపించడానికి ఇచ్చిన ఉదాహరణలోనే ఆయన తప్పు పడ్డాడన్నమాట. సరదాగా ఉంటుంది గానీ ఆలోచిస్తే ఇది హ్యూమ్‌కి నష్టం కాదు, ఆయన వాదనకి ఇంకో సాక్ష్యం. టేస్ట్‌లో తప్పు అనేదే లేకపోతే "హ్యూమ్ బన్యన్ విషయంలో పొరబడ్డాడు" అనే వాక్యానికి అర్థమే ఉండదు కదా.

ఇప్పుడు అసలు కథ. ఇది హ్యూమ్ సొంతది కాదు, సెర్వాంటెస్ రాసిన డాన్ కిహోటే నవల రెండో భాగం నుంచి తీసుకున్నాడు. అందులో హీరో వెంట తిరిగే సేవకుడు సాంచో పాంజా తన వైన్ పరిజ్ఞానం గురించి గొప్పలు చెప్పుకుంటూ, ఇది మా వంశంలోనే ఉంది అంటాడు. హ్యూమ్ చెప్పిన పద్ధతిలో కథ ఇదీ: సాంచో చుట్టాలు ఇద్దర్ని ఒక పీపా వైన్ మీద అభిప్రాయం చెప్పమని పిలిచారు. పాతది, మంచి రకం అని అందరూ అనుకుంటున్న వైన్. ఒకాయన రుచి చూసి, కాసేపు ఆలోచించి, వైన్ బావుంది కానీ ఒక చిన్న తోలు రుచి తగుల్తోంది అన్నాడు. రెండో ఆయన కూడా అంతే జాగ్రత్తగా చూసి, బావుంది కానీ నాకు ఇనుము రుచి తగుల్తోంది అన్నాడు. అందరూ ఇద్దర్నీ చూసి పగలబడి నవ్వారు. చివరికి పీపా ఖాళీ చేస్తే అడుగున ఒక పాత తాళంచెవి, దానికి కట్టిన తోలు తాడు. (సెర్వాంటెస్‌లో ఇంకా బావుంటుంది, ఒకడు నాలుక కొసతో రుచి చూస్తాడు, ఇంకొకడు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు అంతే, తాగడు. తాళంచెవి కూడా వెంటనే దొరకదు, వైన్ అమ్ముడైపోయి పీపా కడుగుతున్నప్పుడు దొరుకుతుంది.)

ఈ కథని నెమ్మదిగా విప్పి చూడాలి, ఎందుకంటే హ్యూమ్ చెప్పినదానికంటే ఇది ఎక్కువ చెప్తుంది, ఆయన ఆశించినదానికంటే తక్కువ నిరూపిస్తుంది.

ముందు అది చెప్పేది. రుచి నాలుకలో ఉంది, దాంతో పేచీ లేదు. కానీ ఆ రుచిని పుట్టించినది పీపాలో ఉంది. నవ్విన జనానికి తోలు రుచి తగల్లేదు కాబట్టి పీపాలో తోలు లేనట్టు కాదు, వాళ్ళ నాలుక దాన్ని పట్టుకోలేకపోయింది, అంతే. మెజారిటీ అటువైపు ఉంది, తప్పు కూడా అటువైపే ఉంది. ఇంకోటి చూడండి, ఆ ఇద్దరి తీర్పులు ఒకటి కావు. ఒకడు తోలు అన్నాడు, ఒకడు ఇనుము అన్నాడు, పైకి చూస్తే నిపుణులే కొట్టుకుంటున్నారు, ఇంక స్టాండర్డ్ ఎక్కడుంది అనిపిస్తుంది. తాళంచెవి బయటపడ్డాక తెలిసింది ఇద్దరూ కరెక్టే, ఇద్దరికీ సగమే దొరికింది అని. హ్యూమ్ వ్యాసంలో తర్వాత "అలాంటి వాళ్ళందరూ కలిసి ఇచ్చే తీర్పే ప్రమాణం" అంటాడు, ఒక్కడి తీర్పు అని అనడు. ఆ "కలిసి" అనే మాట ఎందుకు అవసరమో ఈ కథలోనే ఉంది.

ఇప్పుడు కథ నిరూపించలేనిది. తాళంచెవి దొరికితే తేలింది ఏంటి? వైన్‌లో తోలు, ఇనుము ఉన్నాయి అని. తోలు రుచి ఉండటం వైన్‌కి లోపం అని తేలిందా? లేదు. ఎవడో ఒకడు లేచి "అవునయ్యా తోలు రుచి ఉంది, నాకు అదే నచ్చింది" అంటే తాళంచెవి వాడికి ఏ జవాబూ చెప్పదు.

వైన్ తెలియనివాళ్ళ కోసం పాటలో చెప్తాను. ఒక రికార్డింగ్ వింటున్నారు అనుకోండి, చరణం చివర గాయని ఒక స్వరం మీద నిలబడింది. మీ పక్కన పాట నేర్చుకున్న మనిషి "అక్కడ శ్రుతి కొంచెం కిందకి జారింది" అన్నాడు. మీకేం వినపడలేదు, పదిమంది నవ్వారు, అతిగా పోతున్నాడు అని. ట్యూనర్ పెట్టి చూశారు, రెండు పక్కపక్క స్వరాల మధ్య దూరాన్ని 100 సెంట్లు అంటారు, అందులో ఆ స్వరం 20 సెంట్లు కిందకి ఉంది. ఇదే మీ తాళంచెవి. ఆయన చెవి నిజంగా ఉన్నదాన్నే పట్టుకుంది అని ఇప్పుడు ఎవరూ కాదనలేరు. కానీ అంతలో ఇంకొకరు, అంతే చెవి ఉన్న మనిషే, "జారింది, నేనూ విన్నాను, ఆ మాట దగ్గర ఆ జారుడే గుండె పట్టేసింది" అన్నారు. ఇప్పుడు ఏ మీటర్ తెస్తారు? 20 సెంట్లు అనేది వస్తువులో ఉంది. అది లోపమా, ప్రాణమా అనేది మీటర్ మీద రాదు.

కాబట్టి హ్యూమ్‌కి తాళంచెవి ఒక్కటే సరిపోదు. దానితో నిరూపణ అయ్యింది సున్నితత్వం మాత్రమే, ఉన్నదాన్ని ఏదీ వదలకుండా పట్టుకునే శక్తి. ఆ తర్వాత నచ్చడం, నచ్చకపోవడం అనే దశ ఉంది. అక్కడికి ఆయన చెప్పే మాట ఇది: మనుషులందరి లోపలి నిర్మాణం చాలావరకు ఒకటే, కొన్ని రూపాలు సహజంగా సంతోషం ఇచ్చేలా, కొన్ని ఇవ్వకుండా ఉండేలా తయారయ్యాం. అది పనిచేయని చోట ఏదో అడ్డు ఉండాలి. జ్వరం వచ్చినవాడు తన నాలుకే రుచులకి న్యాయాధిపతి అనడు, కామెర్లు ఉన్నవాడు రంగుల మీద తీర్పు చెప్పడు, అలాగే ఇక్కడా అన్నాడు. ఆ అడ్డులన్నీ తీసేస్తే మిగిలే మనిషి ఎలా ఉంటాడు అంటే ఐదు లక్షణాలు చెప్పాడు: మంచి ఇంగితం, సున్నితంగా పట్టుకునే మనసు, అలవాటు అంటే అదే కళలో ఎక్కువకాలం గడపడం, రకరకాలవి పోల్చి చూసి ఉండటం, పక్షపాతం లేకపోవడం. ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటాం కదా, ఆ కాకిని తీర్పు కుర్చీ నుంచి దింపేయడమే ఇది. మీరు ఆ చిత్రకారుడికి స్నేహితులైనా, శత్రువులైనా, దాన్ని పక్కన పెట్టి ఆ చిత్రం ఎవరి కోసం గీశారో వాళ్ళ స్థానంలో నిలబడి చూడాలి అంటాడు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది, ఇది గుండ్రంగా తిరుగుతోంది అని: మంచి కళ ఏది అంటే మంచి విమర్శకుడు మెచ్చింది, మంచి విమర్శకుడు ఎవడు అంటే మంచి కళని మెచ్చేవాడు. పీటర్ కివీ 1967లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. ఐదు లక్షణాల్లో కొన్నిటిని కళతో పని లేకుండా గుర్తుపట్టొచ్చు, సున్నితత్వం, ఇంగితం, పక్షపాతం లేకపోవడం మామూలు జీవితంలో కూడా తెలుస్తాయి, కాబట్టి చక్రం అక్కడ తెగుతుంది అని ఆయన వాదన. అలవాటు, పోల్చడం అనే రెండిటికి మాత్రం ఈ మందు అంత బాగా పట్టదు. దేంట్లో అలవాటు? మంచి కళలో అంటే మళ్ళీ చక్రమే.

రెండోది నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది. జెర్రోల్డ్ లెవిన్‌సన్ 2002లో అడిగాడు, సరే అలాంటి విమర్శకుడు ఉన్నాడు, వాడికి అది నచ్చింది, అయితే నాకేంటి? నాకు నచ్చింది వాడికి నచ్చలేదు అనుకో, నా సంతోషం నాకు ఉంది, వాడి సంతోషం వైపు నేనెందుకు మారాలి? దీనికి లెవిన్‌సన్ తనే చెప్పిన జవాబు, చాలా కుదించి చెప్తున్నాను, కాలం పరీక్షకి నిలబడిన గొప్ప రచనలు ఉన్నాయి కదా, హోమర్ రెండువేల ఏళ్ళ కింద ఏథెన్స్‌లో నచ్చాడు, ఇప్పుడు పారిస్, లండన్‌లోనూ నచ్చుతున్నాడు అని హ్యూమ్ అన్నాడే, అలాంటివాటిలో ఉన్నది పూర్తిగా అందుకోగలిగినవాడు, ఇంకా పరీక్షకి నిలబడని కొత్త రచన గురించి "ఇందులో ఉంది" అంటే, అది నాకు పనికొచ్చే సమాచారం, అక్కడ నాకూ ఇంకా ఎక్కువ దొరికే అవకాశం ఉంది అని. విమర్శకుడు జడ్జి కాదు, దారి తెలిసిన మనిషి అన్నమాట. నేను దీన్ని ముప్పావు వంతు ఒప్పుకుంటాను. దారి చూపించినవాడి వెనక నాలుగుసార్లు వెళ్ళి ఏమీ దొరక్కపోతే ఐదోసారి వెళ్ళాలని ఎందుకు, అనే ప్రశ్నకి ఇందులో నాకు జవాబు కనపడలేదు.

"అలవాటు" గురించి ఒక ప్రయోగం చెప్పి తీరాలి, ఎందుకంటే కుర్చీలో కూర్చుని వాదించే ఈ విషయంలో బయటి ప్రపంచం ఒకసారి జవాబు చెప్పిన అరుదైన సందర్భం అది. జేమ్స్ కటింగ్ అనే సైకాలజిస్ట్ తన క్లాసులో విద్యార్థులకి ఇంప్రెషనిస్ట్ చిత్రాలు స్లైడ్లలో ఏ వివరణా లేకుండా ఊరికే చూపించాడు, పెద్దగా పేరు లేనివాటిని ఎక్కువసార్లు. సెమిస్టర్ అయ్యాక చూస్తే ఎక్కువసార్లు కనపడినవాటి మీద ఇష్టం పెరిగింది. 2003లో ఇది అచ్చయింది. ఇది నిజమైతే హ్యూమ్‌కి పెద్ద దెబ్బ, గొప్ప చిత్రాలు అని మనం అనేవి కేవలం ఎక్కువసార్లు కంట్లో పడ్డవి మాత్రమేనేమో. 2013లో మెస్కిన్, ఫెలన్, మూర్, కీరన్ అదే పద్ధతిలో ఇంకో ప్రయోగం చేశారు, కానీ ఈసారి విమర్శకులు చెత్త అనే చిత్రకారుడిని, థామస్ కింకేడ్‌ని తీసుకున్నారు, పోల్చడానికి మంచి పేరున్న జాన్ ఎవరెట్ మిలే చిత్రాలు. కింకేడ్ చిత్రాలు ఎన్నిసార్లు చూస్తే అంత ఇష్టం తగ్గింది. మిలేకి అలా తగ్గలేదు. అలవాటు ప్రతిదాన్నీ ముద్దు చేయదు, మళ్ళీ మళ్ళీ చూస్తే కొన్నిట్లో లోపం బయటపడుతుంది అని హ్యూమ్ అన్నదానికి ఇది దగ్గరగా ఉంది. ఒక్క ప్రయోగం, ఇద్దరు చిత్రకారులు, కాబట్టి దీని మీద మేడ కట్టకండి, కానీ "అంతా అలవాటే" అనేవాడి నోటికి మాత్రం అడ్డు వేస్తుంది.

వస్తువులోనే ఉంది అని ఘంటాపథంగా అన్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. హ్యూమ్ సమకాలికుడు, ఆయనలాగే స్కాట్లాండ్ వాడు థామస్ రీడ్, 1785లో సూటిగా అన్నాడు: నాకు నచ్చిన రాగం వింటే ఇది బావుంది అంటాను, ఆ గొప్పతనం నాలో లేదు, సంగీతంలో ఉంది, నాలో ఉన్నది అది ఇచ్చే సంతోషం. మనం మాట్లాడే భాష ఆయన పక్షమే, "పాట బావుంది" అంటాం గానీ "నేను బావున్నాను" అనం కదా. కానీ భాష అలా ఉంది కాబట్టి లోకం కూడా అలాగే ఉంది అనడానికి లేదు, సూర్యుడు ఉదయిస్తాడు అని కూడా అంటాం.

ఆ భాషని ఇంకా లోతుగా పట్టుకున్నది కాంట్, 1790లో. విచిత్రంగా ఆయన కూడా వైన్ దగ్గరే మొదలుపెడతాడు. కానరీ దీవుల వైన్ బావుంది అని నేనన్నాను అనుకో, ఎవరైనా "బావుంది అనకు, నాకు బావుంది అను" అని సరిదిద్దితే నాకేం అభ్యంతరం లేదు అంటాడు. కానీ ఒక భవనం, ఒక కచేరీ, ఒక కవిత గురించి "ఇది నాకు అందంగా ఉంది" అనడం హాస్యాస్పదం. అందంగా ఉంది అంటే అందరి తరఫునా మాట్లాడుతున్నట్టే, అందరూ ఒప్పుకోవాలని అడుగుతున్నట్టే. ఒప్పుకుంటారని కాదు, ఒప్పుకోవాలి అని. ఆ "వాలి" ఎక్కడి నుంచి వచ్చింది అనేదానికి ఆయన జవాబు మళ్ళీ మనసులోనే ఉంది, మన ఊహ, మన బుద్ధి ఒక రూపం ముందు ఏ పనీ ఏ లాభమూ లేకుండా ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి, ఆ రెండూ తెలుసుకోగలిగే ప్రతి మనిషికీ ఉన్నవే కాబట్టి ఆ ఆట కూడా అందరికీ అందాల్సిందే అని. గమనించండి, హ్యూమ్ పీపా కథ కాంట్‌కి పనికిరాదు. ఆయన లెక్కలో వైన్ "నాకు" అనే గదిలోనే ఉండిపోతుంది, అందం గదిలోకి రానే రాదు.

హ్యూమ్ విమర్శకులని కూడా కాంట్ ఒప్పుకోడు. ఎవరైనా నాకు ఒక కవిత చదివి వినిపించి, అది నాకు నచ్చకపోతే, వాడు పెద్ద పెద్ద పండితుల సూత్రాలన్నీ ఏకరువు పెట్టినా నేను చెవులు మూసుకుంటాను, నా తీర్పు తప్పు అనుకోవడం కంటే ఆ సూత్రాలే తప్పు అనుకుంటాను అంటాడు. ఇంకోచోట ఒక కుర్ర కవి ఉంటాడు, తన కవిత అందంగా ఉందని నమ్ముతాడు, జనం చెప్పినా స్నేహితులు చెప్పినా మారడు. తర్వాత అలవాటుతో తన చూపు పదునెక్కాక తనే, ఎవరూ చెప్పకుండా, పాత తీర్పు వదిలేస్తాడు. నాకు కాంట్ మొత్తంలో నచ్చిన చోటు ఇది. తప్పు ఉంది, దిద్దుకోవడం కూడా ఉంది, కానీ ఆ దిద్దుబాటు వేరేవాడి ఓటుతో జరగదు, తన కంటితోనే జరగాలి.

ఒక పక్కమాట. మన జగన్నాథ పండితరాయలు, 17వ శతాబ్దం, కావ్యం అంటే రమణీయమైన అర్థాన్ని చెప్పే శబ్దం అని నిర్వచించి, మరి రమణీయత అంటే ఏంటి అంటే "లోకోత్తరమైన ఆహ్లాదాన్ని పుట్టించే జ్ఞానానికి గోచరం కావడం" అన్నాడు. సమాసాన్ని విప్పి చూడండి. ఆహ్లాదం మనసులో ఉంది, దాన్ని పుట్టించేది జ్ఞానం, ఆ జ్ఞానానికి విషయమయ్యేది అర్థం. అందాన్ని అటు పూర్తిగా వస్తువులోనూ పెట్టలేదు, ఇటు పూర్తిగా మనసులోనూ పెట్టలేదు, రెండిటినీ కట్టే ముడి మీద పెట్టాడు. ఆ ఆహ్లాదం మామూలు సంతోషం కాదని కూడా జాగ్రత్తపడ్డాడు, నీకు కొడుకు పుట్టాడు అనే వాక్యం వింటే వచ్చే ఆనందం ఇందులోకి రాదు.

సరే, మీ పెయింటింగ్ దగ్గరికి. మీ ఫ్రెండ్‌ని "ఎందుకు నచ్చలేదు" అని అడగకండి, "ఏం కనపడింది" అని అడగండి. ఈ రెండూ వేరు. వాడు ఆ మూల ఉన్న నీడ తప్పుగా పడింది అనో, ఆ ఎరుపు మిగతా రంగుల్ని మింగేసింది అనో అంటే అది తాళంచెవి లాంటి మాట, వెళ్ళి చూడొచ్చు, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అప్పుడు మీరు కూడా మీకు కనపడింది చూపించండి. చాలా గొడవల్లో నేను చూసింది ఏంటంటే ఇద్దరూ ఒకే ఫ్రేమ్ ముందు నిలబడి రెండు వేరే చిత్రాలు చూస్తున్నారు, ఒకడు ముఖం చూస్తుంటే ఒకడు రంగు చూస్తున్నాడు, ఫోన్ స్క్రీన్ మీద అయితే ఇంకా ఘోరం, నాలుగడుగుల చిత్రం బొటనవేలంత అయిపోయి ఉంటుంది. వాడు ఫోన్లోనే చూశాడు అనుకుంటాను. అది జ్వరం నాలుక కేసే.

ఇద్దరికీ అన్నీ కనపడ్డాక కూడా తేడా మిగిలిందనుకోండి. హ్యూమ్ దానికి కూడా చోటు వదిలాడు. పాత రోమన్ రచయితల్లో ఇరవై ఏళ్ళప్పుడు ఓవిడ్, నలభైకి హొరేస్, యాభైకి టాసిటస్ నచ్చుతారు అన్నాడు. ఆ వయసువాళ్ళలో ఎవరిదీ తప్పు కాదు, స్నేహితుణ్ణి ఎంచుకున్నట్టు మన స్వభావానికి దగ్గరగా ఉన్న రచయితని ఎంచుకుంటాం, అక్కడ ఏ ప్రమాణమూ తీర్పు చెప్పలేదు అని ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోనిది ఒక్కటే, చూడకుండానే ఆ తలుపు దగ్గరికి వచ్చేయడం. మీ ఫ్రెండ్ ఆ కొటేషన్‌తో చేసింది అదే. ఆ వ్యాసం మొత్తం వాడికి పంపండి, తర్వాత పెయింటింగ్ పెద్ద స్క్రీన్ మీద పెట్టి ఇంకోసారి చూపించండి. మీరు కూడా పక్కన కూర్చుని చూడండి, వాడు చెత్త అన్నది మీకు కూడా ఎక్కడో కనపడొచ్చు.